పదో మనిషిని తీసుకునే ముందు

బెంగళూరులో చిన్న సంస్థ నడిపేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "ఈ పనికి మనిషిని పెట్టుకోమంటారా, ఎవరికైనా బయటికి ఇచ్చేయమంటారా?" అడిగేవాళ్ళ మనసులో అప్పటికే రెండు అంకెలు ఉంటాయి. ఒకటి నెల జీతం, రెండోది ఫ్రీలాన్సర్ అడిగిన రేటు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే జీతమే చవకగా కనిపిస్తుంది. ఆ లెక్క తప్పు. రెండు అంకెల్లోనూ దాగిన ఖర్చు వేరు, రెండింటికీ మనం కట్టుబడే కాలం వేరు.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడుపుదాం. మారతహళ్ళి దగ్గర ఒక తెలుగు దంపతులు పొడులు, పచ్చళ్ళు తయారుచేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారనుకుందాం. ప్యాకింగ్‌లో ఆరుగురు, వంటలో ఇద్దరు, ఆర్డర్లు చూసుకోవడానికి ఒక అమ్మాయి, మొత్తం తొమ్మిది మంది. వెబ్‌సైటు ఎవరో ఒకప్పుడు కట్టిపెట్టారు. ఇప్పుడు అది రోజుకో పేచీ పెడుతోంది. స్టాకు లేని గోంగూరకు ఆర్డర్లు పడుతున్నాయి, కొరియర్ వాళ్ళు వెనక్కి తెచ్చిన పార్సిళ్ళ డబ్బు లెక్క తేలడం లేదు. ఒక డెవలపర్‌ని నెలకు 80,000 రూపాయలకు తీసుకుందామా అన్నది వాళ్ళ ఆలోచన.

నేనైతే మనిషిని వెతికే ముందు పనిని కొలవమంటాను. ఎనిమిది వారాలపాటు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, వెబ్‌సైటుకు సంబంధించి వచ్చిన ప్రతి పనినీ తేదీతో రాయాలి. అది ఎన్ని గంటలు పట్టింది, లేదా పడుతుందని తెలిసినవాళ్ళు చెప్పారు, పక్కనే వేయాలి. ఇంకో గడిలో ఒక్క ముక్క: ఈ పని చేయడానికి మన వ్యాపారం లోపలి సంగతులు తెలియాలా, అక్కర్లేదా? పార్సిల్ లెక్కలు తేల్చాలంటే తెలియాలి. హోంపేజీలో బొమ్మలు మార్చడానికి అక్కర్లేదు. ఈ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. నిర్ణయం ఎక్కువగా తేలేది అక్కడే.

మన ఉదాహరణలో మామూలు నెలకు 40 గంటల పని తేలిందనుకుందాం. ఎనిమిది వారాల నోట్‌బుక్‌లో పండగలు పడకపోవచ్చు కాబట్టి, నిరుటి ఆర్డర్లు చూసి సంక్రాంతి ముందు నెలకు, దసరా ముందు నెలకు నూరేసి గంటలు వేసుకున్నారు. పది నెలలకు 400, రెండు నెలలకు 200, ఏడాదికి 600 గంటలు.

ఇప్పుడు 80,000 జీతం అసలు ఎంతవుతుందో చూద్దాం. కూర్చోవడానికి కుర్చీ, బల్ల, కరెంటు, నెట్టు కలిపి నెలకు 8,000 అనుకుందాం. 70,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్ళు వస్తుందనుకుంటే నెలకు దాదాపు 2,000. ఆరోగ్య బీమాకు 1,000. మనిషిని చూపించిన కన్సల్టెన్సీ మామూలుగా ఒక నెల జీతం దరిదాపుల్లో ఫీజు తీసుకుంటుంది. ఆ మనిషి రెండేళ్ళు ఉంటాడనుకుని ఆ 80,000ను 24 నెలలకు పంచితే 3,300. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల వేతనం. లెక్కకు తీసుకునే వేతనం 40,000 అయితే దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 23,000 పైచిలుకు, నెలకు 1,900. ఇవన్నీ కలిపితే 96,200. పీఎఫ్ ఇందులో వేయలేదు, ఎందుకంటే అది తప్పనిసరి అయ్యేది ఇరవై మంది ఉన్నప్పుడు.

వేతనం గురించి ఒక మాట. పార్లమెంటు 2019, 2020ల్లో చేసిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచి గ్రాట్యుటీ భారం తప్పించుకునే పాత అలవాటు ఇక సాగదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేర తిరిగి వేతనంలోకే వచ్చి చేరుతుంది. అందుకే 80,000కు 40,000 వేతనంగా వేశాను.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఈ డెవలపర్ ఆ సంస్థలో పదో మనిషి. పది దగ్గర చట్టం ఒక గీత గీసింది. ఈఎస్ఐ, గ్రాట్యుటీ, ప్రసూతి సెలవుల చెల్లింపు, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ, అన్నీ పది మంది అనే అంకెకే ముడిపడి ఉన్నాయి. డెవలపర్ జీతం 21,000 దాటింది కాబట్టి ఆయనకు ఈఎస్ఐ వర్తించదు. కానీ ఆయన రాకతో సంస్థ ఈఎస్ఐ పరిధిలోకి వస్తుంది. నెలకు 20,000 తీసుకుంటున్న ఆరుగురు ప్యాకింగ్ వాళ్ళకు యజమాని వాటా 3.25 శాతం, అంటే ఒక్కొక్కరికి 650, ఆరుగురికి 3,900. వాళ్ళ జీతంలోంచి 0.75 శాతం, 150 రూపాయలు పోతాయి. వంటవాళ్ళకు, ఆర్డర్లు చూసే అమ్మాయికి 21,000 పైనే ఇస్తున్నారనుకున్నాం, లేకపోతే వాళ్ళనీ కలపాలి. గ్రాట్యుటీ కూడా అందరికీ మొదలవుతుంది, దానికి విడిగా పక్కన పెట్టుకోవాలి. ఈఎస్ఐ ఒక్కటే కలిపినా 80,000 కాస్తా లక్ష దాటింది.

ఈ గీతను దాటకుండా ఉండటానికి తొమ్మిది దగ్గరే ఆగిపోయేవాళ్ళు ఉన్నారు. అది నాకు నచ్చదు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడమనిషికి ఒంట్లో బాగోలేకపోతే రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది, ఇంట్లోవాళ్ళకు కూడా. నెలకు 650 రూపాయలకు అంత రక్షణ ఇంకెక్కడా దొరకదు. ఆ ఖర్చు పెట్టాల్సిందే. కాకపోతే అది డెవలపర్ నిర్ణయంతో పాటే వస్తుందని ముందే తెలిసి ఉండాలి, నోటీసు వచ్చాక కాదు.

ఇప్పుడు ఫ్రీలాన్సర్ వైపు. గంటకు 1,500 అడిగాడనుకుందాం. వినగానే గుండె ఝల్లుమంటుంది. ఏడాదికి 600 గంటలంటే తొమ్మిది లక్షలు. ఉద్యోగి అయితే నెలకు లక్ష చొప్పున పన్నెండు లక్షలు. తేడా మూడు లక్షలు, అదీ ఖరీదైనదిగా కనిపించిన దారిలోనే మిగులు. లక్షను 1,500తో భాగిస్తే దాదాపు 67 వస్తుంది. అంటే నెలకు సగటున 67 గంటల లోపు పని ఉంటే ఫ్రీలాన్సర్ లాభం, అంతకు మించితే ఉద్యోగి లాభం. ఈ 67 మీ సంస్థకు వర్తించదు. మీ లక్ష వేరు, మీ 1,500 వేరు. కానీ ఆ భాగహారం ఎవరైనా చేసుకోవచ్చు. చేయకుండా మనిషిని తీసుకోకూడదు.

అయితే ఉద్యోగి నెలకు 67 గంటలే పనిచేయడు కదా అంటారు. నిజమే. వారాంతాలు, పండగలు, సెలవులు తీసేస్తే ఏడాదికి 225 రోజుల దాకా వస్తాడు. మీటింగులు, టీలు, ఎదురుచూపులు పోను రోజుకు ఆరు గంటల నికరమైన పని జరిగితే నెలకు 110 గంటలు దాటుతుంది. గంటకు 900 రూపాయల చొప్పున పడ్డట్టు. కానీ మీ దగ్గర 50 గంటల పనే ఉన్నప్పుడు మిగతా 60 గంటలు ఏమవుతాయి? ఆ మనిషి ఊరికే కూర్చోడు, లేని పని పుట్టిస్తాడు. నడుస్తున్న సైటును కొత్త టెక్నాలజీలోకి మారుద్దామంటాడు. అది అతని తప్పు కాదు, చేతినిండా పని లేని తెలివైనవాడు అదే చేస్తాడు.

పన్నుల వల్ల ఈ పోలిక ఎక్కువగా మారదు. సంస్థ కంపెనీగా నమోదై ఉంటే, ఏడాదికి 50,000 దాటిన వృత్తి ఫీజు మీద మామూలుగా 10 శాతం టీడీఎస్ పట్టుకుని మర్నెల 7వ తేదీలోగా కట్టాలి. అది ఫ్రీలాన్సర్ డబ్బే, మీకు అదనపు ఖర్చు కాదు. అతని రాబడి 20 లక్షలు దాటి జీఎస్టీ వేస్తే 18 శాతం కలుస్తుంది. మీరు జీఎస్టీ కట్టే సరుకే అమ్ముతుంటే, మామూలు స్కీములో ఉంటే, దాన్ని తిరిగి సర్దుకోవచ్చు. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్ళకు మాత్రం ఆ 18 శాతం నికరంగా చేతి నుంచే పోతుంది.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది హక్కుల సంగతి. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. ఫ్రీలాన్సర్ రాసింది, మీరు పూర్తిగా డబ్బు ఇచ్చినా సరే, కాగితం మీద రాసి ఇవ్వకపోతే అతనిదే. 1957 కాపీరైట్ చట్టం ఇంకో మెలిక పెట్టింది. హక్కులు బదలాయిస్తున్నట్టు రాసుకున్నా, ఎంత కాలానికో రాయకపోతే ఐదేళ్ళకే అనుకుంటుంది. ఏ దేశాలకో రాయకపోతే భారతదేశానికే అనుకుంటుంది. బదలాయించుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది జారిపోతుంది, అలా జారదని ఒప్పందంలో విడిగా రాసుకుంటే తప్ప. ఇంటర్నెట్‌లో దొరికిన నమూనా ఒప్పందాల్లో ఈ మూడు వాక్యాలూ తరచుగా ఉండవు. మన పచ్చళ్ళ సంస్థ రేపు అమెరికాలోని తెలుగువాళ్ళకు అమ్మడం మొదలుపెడితే, 'ప్రపంచమంతటికీ, కాపీరైట్ ఉన్నంత కాలమూ' అన్న ఆ ఒక్క మాట విలువ తెలుస్తుంది.

దీంతో పాటే చూసుకోవాల్సింది ఖాతాలు. డొమైన్, సర్వర్, పేమెంట్ గేట్‌వే, కోడ్ దాచే రిపోజిటరీ, నాలుగూ యజమాని ఈమెయిల్ మీదే ఉండాలి. ఫ్రీలాన్సర్‌కు వాటిలోకి ప్రవేశం ఇవ్వాలి, యాజమాన్యం ఇవ్వకూడదు. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో నాకు తెలిసిన ఒక సంస్థ డొమైన్ వెళ్ళిపోయిన డెవలపర్ సొంత జీమెయిల్ మీద ఉండిపోయింది. రెన్యూవల్ గుర్తుచేసే మెయిళ్ళన్నీ అక్కడికే వెళ్ళాయి. సైటు ఒక ఉదయం ఆగిపోయేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ డెవలపర్‌కు దురుద్దేశం లేదు, ఆ మెయిల్ చూడటం మానేశాడంతే.

'కాంట్రాక్టర్' అని కాగితం మీద రాసుకుంటే సరిపోతుందనుకునేవాళ్ళు ఒక పాత కేసు చదవాలి. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1973లో తీర్పు వచ్చింది. దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన బట్టకు ఇంతని కూలి. రాక ఆలస్యమైనా, ఓ రోజు రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. కొందరు గుడ్డ ఇంటికి తీసుకెళ్ళి కుట్టేవాళ్ళు. దుకాణంలో పని లేనప్పుడు వేరే చోట కుట్టుకోవచ్చు. వీళ్ళు మా ఉద్యోగులు కారు అన్నారు యజమానులు. కోర్టు ఒప్పుకోలేదు. కుట్టుమిషన్లు ఎక్కువగా దుకాణానివే. ఎలా కుట్టాలో చెప్పేది యజమాని. నచ్చకపోతే విప్పి మళ్ళీ కుట్టమనే హక్కు కూడా యజమానిదే. ఇవన్నీ చూసి వాళ్ళు ఉద్యోగులేనని తేల్చింది.

ఇప్పుడు ఆ దర్జీ దుకాణం స్థానంలో బెల్లందూరు ఆఫీసును ఊహించుకోండి. 'కన్సల్టెంట్' అని ఒప్పందం రాసుకున్న కుర్రాడు రోజూ పదింటికి వస్తాడు, కంపెనీ ల్యాప్‌టాప్ మీద పనిచేస్తాడు, సెలవు కావాలంటే అడుగుతాడు, మేనేజర్ బాగోలేదంటే మళ్ళీ చేస్తాడు, రెండేళ్ళుగా ఇంకెవరికీ పనిచేయలేదు. ఆ దర్జీలకున్న స్వేచ్ఛ కూడా ఇతనికి లేదు. పీఎఫ్ అధికారి గానీ లేబర్ అధికారి గానీ వచ్చి అడిగితే కాగితం మీది మాట కాపాడదు. పాత కాలానికీ లెక్కలు కట్టమంటే, వడ్డీతో కలిపి, మిగుల్చుకున్నామనుకున్నది అంతా పోతుంది. నిజమైన కాంట్రాక్టర్ ఎవరంటే, తన పనిముట్లు తనవి, తన వేళలు తనవి, ఇంకో ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఉంటారు, పనికి బిల్లు వేస్తాడు, తప్పు జరిగితే తన ఖర్చుతో సరిచేస్తాడు. మీకు ఎనిమిది గంటలూ మీ కళ్ళెదుట కూర్చునే మనిషే కావాలనిపిస్తే, మీకు కావలసింది ఉద్యోగి. ఆరునెలలకో ఏడాదికో చాలనుకుంటే నిర్ణీత కాలానికి ఉద్యోగంలోకి తీసుకునే పద్ధతి ఉంది. కొత్త కోడ్ ప్రకారం అలాంటివాళ్ళకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. ఆ ఖర్చును నేను సంతోషంగా పెట్టమంటాను.

మనుషుల్ని ఏజెన్సీ ద్వారా తీసుకునేటప్పుడు బిల్లును విప్పి చూడటం నేర్చుకోవాలి. ప్యాకింగ్‌కు ఒక మనిషిని ఏజెన్సీ పంపిందనుకోండి. మనిషికి 20,000 ఇస్తున్నామంటుంది. ఏజెన్సీ పెద్దది కాబట్టి పీఎఫ్ ఉంటుంది: 15,000 పరిమితి మీద యజమాని వాటా, నిర్వహణ ఖర్చులు కలిపి 13 శాతం, 1,950. ఈఎస్ఐ 650. అక్కడికే 22,600 అయింది. ఇంకా బోనసు, సెలవు జీతం, ఏజెన్సీ లాభం, పైన 18 శాతం జీఎస్టీ ఉన్నాయి. అలాంటిది జీఎస్టీ కాకుండా 21,500కే మనిషిని పంపుతామని ఎవరైనా అంటే, అది బేరం కాదు. ఆ మనిషి పీఎఫో ఈఎస్ఐయో ఎగ్గొడుతున్నారన్నమాట, లేదా 20,000 అతని చేతికి వెళ్ళడం లేదన్నమాట. కాంట్రాక్ట్ కూలీకి జీతం అందకపోతే అసలు యజమాని ఇవ్వాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ కట్టాల్సిన గడువు 15వ తేదీ దాటాక, మనుషుల పేర్లతో సహా చలాన్లు చూశాకే ఆ నెల బిల్లు ఇవ్వాలి. అప్పుడప్పుడు ఆ మనిషినే పిలిచి, "అన్నా, నీ పీఎఫ్ మెసేజ్ ఫోనుకొచ్చిందా?" అని అడగాలి. అతని ఫోను చూపించేది ఏజెన్సీ మేనేజరు మాట కన్నా నమ్మదగ్గది.

పని మొత్తాన్ని బయటి సంస్థకు ఇవ్వడం ఎప్పుడు బాగుంటుందంటే, ఆ పని ఎప్పుడు పూర్తయిందో కాగితం మీద రాయగలిగినప్పుడు. జీఎస్టీ రిటర్నులు అలాంటివి. నెలనెలా వేసేవాళ్ళకు అమ్మకాల వివరాలు 11వ తేదీకి, పన్నుతో కలిపి సారాంశం 20వ తేదీకి. పడిందా లేదా అన్నది పోర్టల్‌లో మీరే చూసుకోవచ్చు. ఇంత చిన్న సంస్థకు ఫుల్‌టైం అకౌంటెంట్ అక్కర్లేదు, ఆడిటర్ ఆఫీసుకు ఇచ్చేస్తే చాలు. కానీ ఆలస్య రుసుము పడితే అది మీ పేరు మీదే పడుతుంది. అందుకే చూసుకోవడం మాత్రం బయటికి ఇవ్వకూడదు.

మొబైల్ యాప్ చేయించడం ఇంత తేలిక కాదు. ఐదు లక్షలకు మూడు నెలల్లో చేసిస్తామని ఒక ఏజెన్సీ ఒప్పుకుందనుకుందాం. ఆ ఐదు లక్షల్లో లేని ఖర్చు యజమాని సమయం. ఏం కావాలో రాసివ్వాలి, వారంవారం చూసి తప్పులు చెప్పాలి, రోజుకు గంటకు తక్కువ పట్టదు. ఒప్పందంలో రాయని ప్రతిదీ 'చేంజ్ రిక్వెస్ట్' పేరుతో వేరే బిల్లు అవుతుంది. రాయడంలో మనం ఎంత బద్ధకిస్తే ఆ బిల్లు అంత పెరుగుతుంది. డబ్బును నాలుగు వాయిదాలు చేసి, చివరి పాతిక శాతాన్ని యాప్ నెల రోజులు నిజమైన ఆర్డర్లతో నడిచాక ఇస్తామని రాసుకోవాలి. ఏజెన్సీలో మొదటి మీటింగుకు వచ్చినవాళ్ళే పని చేస్తారని నమ్మకూడదు. ఎవరు చేస్తారో పేర్లు అడగాలి.

బెంగళూరులో ఉద్యోగి దారి పట్టేవాళ్ళు కాలం లెక్క కూడా వేసుకోవాలి. ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఈరోజు ఒప్పుకున్న మనిషి మూడు నెలలకు వస్తాడు. ఆ మూడు నెలల్లో ఇంకో రెండు ఆఫర్లు చేతిలో పెట్టుకుంటాడు. చేరే రోజు పొద్దున ఫోను ఎత్తకపోవడం ఇక్కడ వింతేమీ కాదు. చేరాక ఇంకో రెండు నెలలు పని నేర్చుకోవడానికే పోతాయి. అంటే దసరాకు మనిషి కావాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే వెతకాలి. ఆగస్టులో గుర్తొస్తే ఆ దసరాకు ఫ్రీలాన్సరే దిక్కు.

మన దంపతుల విషయానికొస్తే, 600 గంటలకు నేను ఫుల్‌టైం మనిషిని పెట్టుకోమనను. నెలకు 40 గంటలు కచ్చితంగా ఇస్తామని, డిసెంబరులోనూ సెప్టెంబరులోనూ నూరు గంటలు వాళ్ళ కోసం ఉంచాలని ఒక ఫ్రీలాన్సర్‌తో ఏడాదికి రాసుకోమంటాను. వాడినా వాడకపోయినా నెలకు 60,000 ఇవ్వాలి. అలా ఇస్తేనే పండగ నెలలో అతను ఫోను ఎత్తుతాడు. ఇద్దరిలో ఎవరైనా 30 రోజుల ముందు చెప్పి తప్పుకోవచ్చు, తప్పుకునే ముందు పది గంటలు పని అప్పగించడానికి కేటాయించాలి. పార్సిళ్ళ లెక్క తేల్చే పద్ధతిని మాత్రం ఆర్డర్లు చూసే అమ్మాయి అతని పక్కన కూర్చుని నేర్చుకుని తెలుగులోనో కన్నడలోనో రాసిపెట్టాలి. నోట్‌బుక్ చివరి గడిలో 'లోపలి సంగతులు తెలియాలి' అని పడినవన్నీ ఇలాంటివే. అవి ఒక్క బయటి మనిషి తలలోనే ఉండిపోతే రేటు ఎంత చవకైనా ఆ ఏర్పాటు ప్రమాదమే.

నోట్‌బుక్ ఆ తర్వాత కూడా సాగాలి. వరసగా మూడు మామూలు నెలలు 67 గంటలు దాటితే, అప్పుడు పదో మనిషి కోసం ప్రకటన వేయాలి. ఆ వారమే ఆడిటర్‌ని పిలిచి ఈఎస్ఐ నమోదు పని కూడా మొదలుపెట్టించాలి.